రాయగడ జిల్లాలో కాశీపూర్ కథ వేరు

రాయగడ పాత దస్తావేజుల్లో "విశాఖపట్నం జిల్లా" అని కనిపిస్తే అది రాసినవాళ్ళ పొరపాటు కాదు. 1936 మార్చి దాకా రాయగడ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో ఒక తాలూకా. జమీందారు జయపురం మహారాజు. ఆ ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు ఈ తాలూకా కొత్త కొరాపుట్ జిల్లాలోకి వెళ్ళింది. పక్కనున్న పార్వతీపురం, సాలూరు మద్రాసులోనే ఉండిపోయాయి. మన చుట్టరికాల మధ్య రాష్ట్ర సరిహద్దు అప్పుడే వచ్చింది.

అదే జిల్లాలో ఇప్పుడున్న కాశీపూర్ మాత్రం మద్రాసు కింద ఎప్పుడూ లేదు. అది కలహండి సంస్థానంలోది. 1948 జనవరి 1న ఆ సంస్థానం ఒరిస్సాలో కలిసింది. కాశీపూర్ 1962లో కలహండి జిల్లా నుంచి కొరాపుట్‌కి మారింది, 1992 అక్టోబర్ 2న రాయగడ జిల్లా ఏర్పడితే ఇందులోకి వచ్చింది. మ్యాపులో వాయవ్యాన కాశీపూర్ చుట్టూ ఉన్న గీతలో ఆ పాత సంస్థానం అంచు ఇంకా కనిపిస్తుంది.

ఈ తేడా భూమి దగ్గర బయటపడుతుంది. ఏజెన్సీలో 1917 నాటి మద్రాసు చట్టం ప్రకారం, గిరిజనుల భూమిని బయటివాళ్ళు సర్కారు ఏజెంటు అనుమతి లేకుండా కొంటే అప్పట్లో చెల్లేది కాదు. సంస్థానంలో ఆ చట్టం లేదు. అందుకే మనం పాత కాగితం పట్టుకున్నప్పుడు ఇప్పటి జిల్లా పేరు కాదు, ఆ ఊరు అప్పట్లో ఎవరి ఏలుబడిలో ఉందో ముందు చూసుకోవాలి.