గాలి గోపురాలతో చల్లబడే భవనం

హైదరాబాద్‌లోని సీఐఐ - సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2004లో ప్రారంభమైంది. అమెరికా రూపొందించిన లీడ్ రేటింగ్‌లో ప్లాటినం స్థాయిని ఆ దేశం వెలుపల మొదట సాధించిన భవనం ఇదే. దీనికి 69కి 56 పాయింట్లు దక్కాయి.

ఇందులోని గాలి గోపురాలు బయటి గాలిని కిందికి లాగుతాయి. నీటి తుంపరలు తగిలిన ఆ గాలి చల్లబడి ఏసీ యంత్రాలకు చేరుతుంది. దాంతో ఏసీ చేయాల్సిన పని తగ్గుతుంది.

అయితే తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే ఉష్ణోగ్రత కంటే గాలి ఎక్కువ చల్లబడదు. వేసవిలో 40 డిగ్రీల వద్ద తేమ 25 శాతం ఉంటే ఆ హద్దు దాదాపు 24 డిగ్రీలు. అంటే 16 డిగ్రీల వరకు అవకాశం ఉంది. వానాకాలంలో 32 డిగ్రీల వద్ద తేమ 70 శాతానికి చేరితే మిగిలేది 5 డిగ్రీలే. పైగా గాలిలో తేమ పెరిగి ఉక్కపోస్తుంది. సముద్ర తీర నగరాల్లో ఈ పద్ధతి అంతగా పనిచేయకపోవడానికి కారణం ఇదే. అక్కడ నీడ, ఎదురెదురు కిటికీలే మేలు.

లీడ్‌లో ఆదాను ఊహాత్మక ప్రామాణిక భవనంతో పోల్చి లెక్కిస్తారు. నీటికీ అంతే: సాధారణ కుళాయిలు, ఫ్లష్‌ల వాడకమే కొలమానం. వాడిన నీటిని మొక్కల వేళ్ల పడకలో శుద్ధి చేసి తోటకు మళ్లించడం ఇక్కడి ప్రత్యేకత.

డిజైన్ దశలో వేసిన ఈ లెక్క అంచనా మాత్రమే. భవనం నిజంగా ఆదా చేస్తోందో లేదో ఏటా కరెంటు, నీటి మీటర్లను చదరపు మీటరుకు లెక్కగట్టి చూస్తేనే తెలుస్తుంది.