గోల్ఫర్స్ ఎల్బో

పేరు గోల్ఫ్‌ది, నొప్పి ఎక్కువగా గోల్ఫ్ కర్ర పట్టనివాళ్లదే. వడ్రంగి రోజంతా సుత్తి బిగించి పట్టుకుంటే, మణికట్టును లోపలికి వంచే కండరాల టెండన్ మోచేతి లోపలి బుడిపె దగ్గర దెబ్బతింటుంది. అరచేయి పైకి పెట్టి, ఎదురు ఒత్తిడిపై మణికట్టు వంచితే అక్కడే కలుక్కుమంటుంది.

వైద్యంలో దీన్ని ‘మీడియల్ ఎపికొండిలైటిస్’ అన్నారు. ‘ఐటిస్’ అంటే వాపు. పాతబడిన కేసుల్లో మైక్రోస్కోపు కింద కనిపించేది మాత్రం చెదిరిన పోగులే. అందుకే ఉత్త విశ్రాంతి చాలదు.

పిడి కాస్త లావు చేసి, పట్టు సడలించాలి. ముంజేతిని బల్లమీద ఆనించి, అరచేయి పైకి ఉంచి, అరకిలో బరువును ముందు కదపకుండా పట్టుకోవాలి. కొన్నాళ్లకు నెమ్మదిగా దించడం మొదలుపెట్టాలి. మర్నాటికీ నొప్పి పెరిగే ఉంటే బరువు ఎక్కువైనట్టే. చిటికెనవేలు తిమ్మిరెక్కితే నరం సంగతి, డాక్టరు చూడాలి.