సికింద్రాబాద్ అద్దె రసీదు: హెచ్ఆర్ఏ మినహాయింపు నడిచొచ్చిన దారి

ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు సంగతి వస్తే సికింద్రాబాద్ ఉద్యోగుల నోట మొదట వచ్చే ఫిర్యాదు ఒకటుండేది. ముంబైకి, చెన్నైకి 50 శాతం ఇచ్చి మనకు 40 శాతమే ఎందుకు? పైకి చూస్తే ఇది న్యాయమైన ఫిర్యాదే. 2008 సెప్టెంబర్ నుంచి కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగులకు హెచ్ఆర్ఏ ఇచ్చేటప్పుడు హైదరాబాద్ పట్టణ సముదాయాన్ని, అందులో భాగంగా సికింద్రాబాద్‌ను, ఎక్స్ తరగతిలో చేర్చి ముంబై, ఢిల్లీలతో సమానంగా చూస్తోంది. అదే ప్రభుత్వం 1961 ఆదాయపు పన్ను చట్టం కింద పన్ను లెక్క కట్టేటప్పుడు మాత్రం ఈ ఊరిని చిన్న పట్టణాల వరసలో కూర్చోబెట్టింది. ఆ లెక్క చెప్పిన రూల్ 2ఎలో ఉండేవి నాలుగే పేర్లు. అవి కూడా బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసు అనే పాత పేర్లు. ఊళ్లు పేర్లు మార్చుకున్నా రూలు మారలేదు. అయినా ఈ మినహాయింపు చరిత్రను మొదటి నుంచి చూస్తే ఊరి శాతం చుట్టూ మనం చేసిన గొడవ అసలు విషయానికి పక్కదారే అనిపిస్తుంది. చట్టం మొదటి నుంచీ పట్టుకు వేలాడింది ఒక్క ప్రశ్ననే: అద్దె నిజంగా చేతులు మారిందా?

ఈ మినహాయింపు పుట్టింది 1964లో. ఆ ఏడాది వచ్చిన ప్రత్యక్ష పన్నుల సవరణ చట్టం, అక్టోబర్ 6 నుంచి అమలయ్యేలా, సెక్షన్ 10లో 13ఎ అనే క్లాజును చేర్చింది. రెండేళ్లకు, 1966 అక్టోబర్ 2న, సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. లాలాగూడ, మెట్టుగూడ, చిలకలగూడ ప్రాంతాల్లో క్వార్టరు దొరికిన రైల్వే ఉద్యోగికి ఈ క్లాజుతో పని లేదు. దొరకనివాడికే ఇది కావాలి. తొలి దశలో చట్టం తన మాటను రూపాయల్లోనే చెప్పింది. మినహాయింపు నెలకు 400 రూపాయలు దాటకూడదన్న పరిమితి ఒక దశలో సెక్షన్‌లోనే ఉండేది. తర్వాత ఆ అంకె పోయి, లెక్కంతా రూలు చేతికి వచ్చింది. ఇంతలో ఇంకో వివాదం లేచింది. సొంతింట్లో ఉంటూ హెచ్ఆర్ఏ తీసుకునేవాడికి కూడా ఇది వర్తిస్తుందా అని. 1984 సవరణ చట్టం ఒక వివరణ చేర్చి దానికి తెర దించింది. ఉంటున్న ఇల్లు ఉద్యోగి సొంతమైనా, అతను నిజంగా అద్దె ఖర్చు పెట్టకపోయినా మినహాయింపు లేదంది. దాన్ని 1976 ఏప్రిల్ 1 నుంచే వర్తింపజేసింది. తల్లిదండ్రులకు అద్దె కట్టడం గురించి ఇవాళ జరిగే వాదనలన్నీ ఆ రెండు షరతుల్లోనే ఇమిడి ఉన్నాయి.

1961 చట్టం కింద రూలు చెప్పిన లెక్క చిన్నదే. మూడు మొత్తాలు కట్టి, వాటిలో తక్కువదాన్ని తీసుకోవాలి. ఒకటి, చేతికొచ్చిన హెచ్ఆర్ఏ. రెండు, కట్టిన అద్దెలోంచి జీతంలో పదో వంతు తీసేస్తే మిగిలేది. మూడు, జీతంలో 40 శాతం, లేదా ఆ నాలుగు నగరాల్లోని ఇంటికైతే 50 శాతం. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ‘జీతం’ అన్న మాట దగ్గర. అది ఒట్టి బేసిక్ కాదు. రిటైర్మెంటు ప్రయోజనాల లెక్కలోకి వచ్చే డీఏ కూడా అందులో కలుస్తుంది. రైల్ నిలయంలో పనిచేసే ఒక ఉద్యోగి బేసిక్ 49,000 అనుకుందాం. 2025 జూలై నుంచి 58 శాతం చొప్పున డీఏ 28,420. రెండూ కలిపితే 77,420. ఎక్స్ తరగతి ఊరు కాబట్టి హెచ్ఆర్ఏ బేసిక్‌లో 30 శాతం, అంటే 14,700. పద్మారావునగర్‌లో అద్దె 18,000 కడుతున్నాడనుకుంటే, పదో వంతు 7,742 పోగా మిగిలేది 10,258. నలభై శాతం 30,968. వీటిలో తక్కువది 10,258, నెలకు మినహాయింపు అంతే. మిగతా 4,442 పన్ను లెక్కలోకి వెళ్తుంది. డీఏ కలపడం మరచిపోయి 4,900 మాత్రమే తీసేస్తే 13,100 వస్తుంది, అంటే నెలకు 2,842 ఎక్కువ చూపినట్టు. ఇలాంటి తప్పు లెక్కలోనే ఉంటుంది, రసీదులు ఎంత పక్కాగా ఉన్నా దాన్ని కాపాడలేవు.

ఈ లెక్కలో 40 శాతానికి పనేమైనా పడిందా? పడలేదు. హెచ్ఆర్ఏ బేసిక్‌లో 30 శాతమే కాబట్టి, బేసిక్, డీఏ కలిపిన మొత్తంలో 40 శాతాన్ని అది ఎప్పటికీ అందుకోదు. కేంద్ర ఉద్యోగికి ఆ షరతు ఉన్నా లేనట్టే. ప్రైవేటు ఉద్యోగి సంగతి వేరు కదా అనవచ్చు. డీఏ లేకుండా బేసిక్ 60,000, హెచ్ఆర్ఏ 30,000 ఉన్న ఉద్యోగిని తీసుకోండి. నెలకు 25,000 అద్దె కడితే రెండో మొత్తం 19,000 వస్తుంది, మూడోది 24,000. ఇక్కడ కూడా అద్దె లెక్కదే పైచేయి, 40ని 50 చేసినా ఒక్క రూపాయి పెరగదు. ఊరి శాతం కరవాలంటే ఇతని అద్దె 30,000 దాటాలి, అంటే జీతంలో సగానికి మించాలి. అలా కట్టేవాళ్లు లేరని కాదు. వాళ్ల ఫిర్యాదు నిజమే. కానీ మిగతావారంతా తమది కాని గొడవను నెత్తికెత్తుకున్నారు.

మరి అద్దె కట్టిన సంగతి ఎలా తెలియాలి? ఈ ప్రశ్నకు జవాబు కూడా ఏళ్ల తరబడి మారుతూ వచ్చింది. మొదట్లో రసీదే సాక్ష్యం. నగదు రసీదు 5,000 రూపాయలు దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. నెలకు 3,000 దాకా హెచ్ఆర్ఏ తీసుకునేవారిని యాజమాన్యం రసీదు కూడా అడగనక్కర్లేదని పన్నుల బోర్డు వెసులుబాటు ఇచ్చింది. అది టీడీఎస్ పని వరకే, పన్ను అధికారి అడిగితే చూపించాల్సిందే. 2013 అక్టోబర్ సర్క్యులర్‌తో ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ తప్పనిసరి అయింది. 2016 జూన్ నుంచి ఫారం 12బిబి వచ్చింది. ఇంటి యజమాని పేరు, చిరునామా, పాన్ అందులో రాసి ఉద్యోగి సంతకం చేయాల్సి వచ్చింది. 2017 జూన్ నుంచి నెలకు 50,000 దాటిన అద్దెకు కిరాయిదారే 5 శాతం టీడీఎస్ కోయాలన్నారు, 2024 అక్టోబర్‌లో దాన్ని 2 శాతం చేశారు. ఈ మార్పులన్నిటి దిశ ఒకటే. ఒకప్పుడు కాగితం ఒక చేతిలోనే ఉండేది, ఇప్పుడు ఇచ్చినవాడి మాట పుచ్చుకున్నవాడి ఖాతాలో కూడా కనబడాలి.

తల్లిదండ్రులకు కట్టే అద్దె మీద అనుమానం మొలిచేది ఇక్కడే. కన్నవాళ్లకు అద్దె ఏమిటి, అదంతా దొంగ లెక్క అనేవారు ఉన్నారు. చట్టం అలా అనలేదు. 1984 వివరణలో చుట్టరికం ప్రస్తావనే లేదు. ఇల్లు ఉద్యోగిది కాకూడదు, డబ్బు నిజంగా పోవాలి, అంతే. భార్యకు కట్టిన అద్దెను సైతం 2013లో అహ్మదాబాద్ ట్రిబ్యునల్ ఒప్పుకుంది. దానికి ఎదురుగా 2017లో ముంబై ట్రిబ్యునల్ తీర్పు నిలుస్తుంది. తల్లికి నగదుగా అద్దె ఇచ్చానన్న ఉద్యోగిని వాదనను అది తోసిపుచ్చింది. ఒప్పందం లేదు, బ్యాంకు జాడ లేదు, హౌసింగ్ సొసైటీకి తెలిపిన దాఖలా లేదు. ఆ ఉద్యోగిని భర్త, కూతురు ఉంటున్నది సొంత ఫ్లాట్‌లో. అక్కడ ఓడింది చుట్టరికం కాదు, ఆ ఇంట్లో కిరాయికి ఉన్నానని చూపలేకపోవడం. ముసలివాళ్లు, నగదే వాళ్లకు అలవాటు అనే సమాధానం సానుభూతి తెస్తుందేమో గాని సాక్ష్యం కాదు. నగదు ఇవ్వడం నేరం కాదు, నిరూపించే బరువు మాత్రం ఇచ్చినవాడిదే. యాజమాన్యం రసీదులు ఒప్పుకుంది, ఫారం 16లో మినహాయింపు వచ్చేసింది అన్న ధీమా కూడా చెల్లదు. ఆ ఒప్పుకోలు పన్ను అధికారిని కట్టిపడేయదు. తప్పుడు సమాచారమని తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెట్టింపు జరిమానా.

ఇందాకటి ప్రైవేటు ఉద్యోగి మారేడ్‌పల్లిలో తల్లి పేరున ఉన్న ఇంట్లో, నెలకు 25,000 అద్దెకు ఉంటున్నాడనుకుందాం. మొదట చూడాల్సింది ఇంటి పత్రం. అందులో అతని పేరు కూడా ఉంటే చిక్కు అక్కడే మొదలవుతుంది. తండ్రి పేరున ఉన్న ఇంటికి తల్లికి అద్దె కడితే నిలవదు. అద్దె ప్రతి నెలా తల్లి ఖాతాకు వెళ్లాలి, మార్చిలో ఒకేసారి పంపి పన్నెండు రసీదులు రాయించడం కాదు. వెళ్లిన డబ్బు మళ్లీ కొడుకు ఖాతాకు తిరిగొస్తే అది అద్దె కాదని ఖాతాయే చెబుతుంది. ఇక తల్లి ఏడాదికి 3,00,000 అద్దె ఆదాయంగా చూపాలి. మునిసిపల్ పన్ను తీసేశాక 30 శాతం తగ్గింపు ఉంది. ఆ పన్ను పక్కన పెడితే లెక్కకొచ్చేది 2,10,000. వేరే పెద్ద ఆదాయం లేకపోతే ఆమెకు పన్ను పడదు. కొడుకుకు మినహాయింపు 2,28,000. ఆమె రిటర్నులో ఆ అద్దె లేకపోతే, అతని ఫారంలోని ఆమె పానే అతని మీద సాక్ష్యం చెబుతుంది. 2024 ఏప్రిల్‌లో పన్నుల బోర్డు హెచ్ఆర్ఏ కేసులు మూకుమ్మడిగా తిరగదోడడం లేదని ప్రకటించింది. కానీ అద్దె కట్టానన్నవారి లెక్కకు, పుచ్చుకున్నవారి లెక్కకు పొంతన చూసిన మాటను అదే ప్రకటన ఒప్పుకుంది.

ఇంత చేసి లాభమెంత? 2020-21 నుంచి వచ్చిన, 2023-24 నుంచి డిఫాల్టుగా వర్తించే కొత్త పన్ను విధానంలో ఈ మినహాయింపే లేదు. ఇతర అలవెన్సులతో అతని ఏడాది జీతం 14 లక్షలైతే, 2025-26లో పాత విధానంలో హెచ్ఆర్ఏ 2,28,000, 80సి కింద 1,50,000, స్టాండర్డ్ డిడక్షన్ 50,000 అన్నీ తీసినా సెస్సుతో పన్ను 1,11,176. కొత్త విధానంలో ఏ రసీదూ లేకుండా 81,900. రైల్ నిలయం ఉద్యోగి జీతం 12,75,000 లోపే కాబట్టి కొత్త విధానంలో అతనికి పన్నే లేదు. అంటే రసీదుల కట్ట ఇప్పుడు పనికొచ్చేది పెద్ద అద్దెతో పాటు ఇతర తగ్గింపులు కూడా గట్టిగా ఉన్న కొద్దిమందికి, పాత ఏళ్ల నోటీసుకు జవాబు చెప్పాల్సినవారికి.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది. దానికి ముందు, ఫిబ్రవరిలో బయటపెట్టిన ముసాయిదా నియమాల్లో హైదరాబాద్ పేరు 50 శాతం జాబితాకు ఎక్కింది. అదే ముసాయిదాలో ఇంటి యజమానితో ఉద్యోగికి ఉన్న చుట్టరికం చెప్పాలన్న గడి కూడా ఉంది. చాలామంది మొదటిదాన్ని చూసి సంబరపడ్డారు. అమ్మానాన్నలకు అద్దె కట్టేవారు చూసుకోవాల్సింది మాత్రం రెండోదాన్ని.