గడువు లేని వాటా

చెన్నై జార్జ్ టౌన్‌లో పారిస్ కార్నర్ దగ్గర్లో సెకండ్ లైన్ బీచ్ వీధి ఉంది. మద్రాసు స్టాక్ ఎక్స్ఛేంజి ఉండేది ఆ వీధిలోనే. 1920లో పుట్టి, 1923లో మూతపడి, 1937లో మళ్లీ తెరుచుకుని, 2015లో శాశ్వతంగా తప్పుకుంది. ఆ బజారు నడిచిన కాలంలో ఒక రకం కాగితం ఉండేది. దాన్ని కొన్నవాడికి ఏటా ఇంత అని డబ్బు వచ్చేది, అసలు మాత్రం కంపెనీ ఎప్పటికీ తిరిగి ఇవ్వనక్కర్లేదు. అదే గడువు లేని ప్రిఫరెన్స్ షేరు, తెలుగులో ప్రాధాన్య వాటా.

ప్రాధాన్యం దేనిలో అంటే, లాభం పంచేటప్పుడు మామూలు షేరుదారు కన్నా ముందు వరస దీనిది. కంపెనీ మూతపడినా ముందు వరసే. బదులుగా డివిడెండు ముందే ఖాయం చేసిన శాతానికి మించదు. నూరు రూపాయల ముఖవిలువ మీద ఆరు శాతం అంటే ఏటా ఆరు రూపాయలు. 1936 చట్ట సవరణ దాకా మన దేశంలో గడువు పెట్టి తిరిగి చెల్లించే ప్రిఫరెన్స్ షేర్లకు చోటే లేదు. ఆ తర్వాత కూడా గడువు లేనివి కొనసాగాయి.

మరి ఎప్పటికీ తిరిగిరాని అసలుకు ధర ఎలా కట్టాలి? అద్దె చూసి ఇల్లు కొన్నట్టే. కొనేవాడు తన డబ్బు మీద ఎనిమిది శాతం రావాలనుకుంటే, ఏటా ఆరు రూపాయలు ఎంత సొమ్ము మీద ఎనిమిది శాతమవుతుందో చూస్తాడు. ఆరును 0.08తో భాగిస్తే 75. కాబట్టి నూరు రూపాయల కాగితానికి అతను 75 ఇస్తాడు. బజారులో అది 80కి పలికితే లెక్క తిరగేయాలి: ఆరును 80తో భాగిస్తే ఏడున్నర శాతం. కొన్నవాడి నిజమైన రాబడి అది, కాగితం మీద అచ్చయిన ఆరు శాతం కాదు. అయితే డివిడెండు చేతికందే రోజుకు ముందు 80 పెట్టి కొంటే ఆ ఆరు కూడా కొన్నవాడికే వస్తుంది. అసలు ఖర్చు 74, రాబడి ఎనిమిది దాటుతుంది. అందుకే ధరతో పాటు తేదీ కూడా చూడాలి.

ఎప్పటికీ వచ్చే డబ్బుకు 75 రూపాయలేనా అనిపించవచ్చు. దూరపు రూపాయికి ఈనాటి విలువ తక్కువ. ఎనిమిది శాతం చొప్పున లెక్క వేస్తే ఆ 75లో సుమారు 59 రూపాయలు మొదటి ఇరవై ఏళ్ల డివిడెండ్లవే. ఆ తర్వాత అంతులేకుండా వచ్చే ఏళ్లన్నిటికీ కలిపి మిగిలింది 16.

ఈ కాగితానికి బలహీనత కూడా అక్కడే ఉంది. వడ్డీ రేట్లు పెరిగితే ధర పడిపోతుంది, తిరిగి లేపే గడువు తేదీ ఉండదు. కొనేవాళ్లు 14 శాతం అడిగే రోజుల్లో ఆరు రూపాయల షేరు విలువ 43 రూపాయల దగ్గరికి దిగుతుంది. నూరు పెట్టినవాడికి అది పెద్ద దెబ్బ.

1988 జూన్ 15న ఈ కథ మలుపు తిరిగింది. కంపెనీల చట్ట సవరణ గడువు లేని ప్రిఫరెన్స్ షేర్ల జారీని నిషేధించింది. అప్పటికే ఉన్నవాటిని ఐదేళ్లలోపు తిరిగి చెల్లించమంది. మన ఉదాహరణకే దాన్ని అన్వయిద్దాం. ఐదేళ్లపాటు ఆరేసి రూపాయలు, చివర నూరు. అదే 14 శాతం చొప్పున వీటి విలువ సుమారు 72 రూపాయల 50 పైసలు. డివిడెండు ఒక్క పైసా పెరగలేదు. గడువు తేదీ ఒక్కటి వచ్చి చేరినందుకే 43 రూపాయల కాగితం 72 దాటింది.

ఇవాళ్టి చట్టం, 2013 నాటిది, సాధారణంగా ఇరవై ఏళ్లకు మించి గడువు ఒప్పుకోదు. చెన్నై కంపెనీలు ఇప్పుడూ గడువున్న ప్రిఫరెన్స్ షేర్లు ఇస్తున్నాయి. 2025లో టీవీఎస్ మోటార్ ఒక్కో ఈక్విటీ షేరుకు పది రూపాయల ముఖవిలువ గల నాలుగు ప్రిఫరెన్స్ షేర్లు బోనస్‌గా ఇచ్చింది. డివిడెండు ఆరు శాతం, గడువు ఏడాది. ఏడు శాతం కోరేవాడు పాత అలవాటుగా 60 పైసలను 0.07తో భాగిస్తే 8 రూపాయల 57 పైసలు వస్తుంది. అది తప్పు. ఏడాది తర్వాత చేతికొచ్చేది 10 రూపాయల 60 పైసలు, దాన్ని 1.07తో భాగించాలి. సరైన విలువ 9 రూపాయల 91 పైసలు. పాత సూత్రాన్ని నమ్మి 8.57కే అమ్ముకున్నవాడు ఒక్కో షేరు మీద రూపాయి పైగా పోగొట్టుకుంటాడు.

కాబట్టి ప్రిఫరెన్స్ షేరు మీ చేతికి వస్తే శాతం చూడకముందే గడువు తేదీ చూడండి. తేదీ లేకపోతేనే డివిడెండును రేటుతో భాగించండి. తేదీ ఉంటే చివర తిరిగొచ్చే అసలును కూడా లెక్కలో వేసుకోండి.