ఇటాలియన్ వ్యాపార లేఖానువాదంలో ‘లెయి’, ‘తు’: ఎంపికకు ఆధారాలు

సారాంశం: ఇంగ్లీషు ఈమెయిల్‌ను ఇటాలియన్‌లోకి తెచ్చేటప్పుడు గౌరవవాచకమైన ‘లెయి’ వాడాలా, చనువును తెలిపే ‘తు’ వాడాలా అన్నది మూలలేఖ ధోరణిని బట్టి తేల్చకూడదని, ఉత్తరం రాసేవారికీ అందుకునేవారికీ మధ్య ఉన్న సంబంధానికి దొరికే ఆధారాలను బట్టి తేల్చాలని ఈ వ్యాసం వాదిస్తుంది.

1. సమస్య

ఇంగ్లీషు ‘యూ’ నువ్వో మీరో చెప్పదు. ఇటాలియన్‌లో ఆ సంగతి దాచడం కష్టం. సర్వనామాన్ని వదిలేసినా క్రియాంతం దాన్ని బయటపెడుతుంది. ఇలాంటి సర్వనామాల జంటలను రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో అధికారం, సాన్నిహిత్యం అనే రెండు కొలతలతో వివరించారు. వ్యాపార లేఖలో ఈ రెండూ కలిసి పనిచేస్తాయి.

తెలుగు అనువాదకులకు ఇక్కడ మరో చిక్కుంది. మన ‘మీరు’ బహువచనం కాబట్టి, ఇటాలియన్ బహువచనం ‘వొయి’ దానికి సరిజోడు అనిపిస్తుంది. కాని ‘లెయి’ వ్యాకరణరీత్యా ప్రథమపురుష ఏకవచనం, అదీ స్త్రీలింగ రూపం. ‘తమ దొరతనం’ వంటి స్త్రీలింగ గౌరవనామానికి బదులుగా వాడుకలోకి వచ్చింది. 1938లో ఫాసిస్టు ప్రభుత్వం దీన్ని తోసి ‘వొయి’ని రుద్దాలని చూసింది, పాలన కూలాక ఆ ప్రయత్నమూ పోయింది. దక్షిణాన కొన్నిచోట్ల ఒక్కరినే గౌరవంగా ‘వొయి’ అనడం ఇంకా ఉంది. వ్యాపార లేఖలో మాత్రం అది మొత్తం సంస్థనో, పలువురినో ఉద్దేశించినదిగా అర్థమవుతుంది.

2. ఒక ఉదాహరణ

ఊహాజనితమైన ఒక లేఖను తీసుకుందాం. హైదరాబాద్ సంస్థ మేనేజరు బొలోన్యాలోని కొనుగోళ్ల అధికారి మార్కో బియాంకికి ఇంగ్లీషులో రాశారు: ‘డియర్ మార్కో, నిన్న మీకు ఫోన్ చేశాను. సంతకం చేసిన ఒప్పందం శుక్రవారంలోగా పంపగలరా? సందేహాలుంటే చెప్పండి.’

ఇక్కడ ‘డియర్ మార్కో’ అన్నది ‘తు’కు ఆధారం కాదు. ఇంగ్లీషులో మొదటిపేరుతో పిలవడం మామూలే. మార్కో కూడా తన ఇంగ్లీషు లేఖ కింద ‘మార్కో’ అనే సంతకం చేశారనుకుందాం, అదీ చాలదు. లేఖ అడుగున మిగిలిన పాత ఉత్తరాల్లో ఆయన హైదరాబాద్ సంస్థకు ఇటలీలో ఉన్న ఏజెంటును ‘తు’ అని రాసి ఉంటే, ఆ చనువు ఏజెంటుది. మేనేజరుకు దానంతట అది సంక్రమించదు. ఆయన ఈ మేనేజరునే ఉద్దేశించి ఇటాలియన్‌లో ‘తు’ వాడి ఉన్నా, ‘దియామొచి దెల్ తు’ (ఒకరినొకరం ‘తు’ అనుకుందాం) అని రాసి ఉన్నా, అదే గట్టి ఆధారం. ఈ ఆహ్వానం వయసులోనో హోదాలోనో పెద్దవారి నుంచి రావడం ఆనవాయితీ.

అలాంటిదేమీ లేకపోతే ‘లెయి’. కారణం, రెండు పొరపాట్ల ఫలితం ఒకేలా ఉండదు. ‘లెయి’తో మొదలుపెడితే అవతలివారు ‘తు’కు పిలవవచ్చు. ‘తు’తో మొదలుపెట్టి ‘లెయి’కి వెనక్కు తగ్గితే మనసు నొచ్చుకున్నట్టు కనిపిస్తుంది. అయితే అవతలివారు ‘తు’ అన్నాక కూడా ‘లెయి’ని పట్టుకుని వేలాడితే, చాచిన చేతిని తోసేసినట్టే. సంబోధనలో మధ్యేమార్గం ఉంది: ‘జెంతీలె మార్కో’ అని పేరు రాసి, లోపల అంతటా ‘లెయి’ రూపాలే వాడవచ్చు. మరింత దూరం పాటించాలంటే ‘జెంతీలె దొత్తోర్ బియాంకి’. ఇటలీలో పట్టభద్రులను ‘దొత్తోరె’ అనడం పరిపాటి.

3. తప్పు దొరికే చోట్లు

ఎంపిక సరిగా ఉన్నా లేఖ మధ్యలో జారిపోవడం తరచు జరిగేదే. ‘పంపగలరా’కు ‘లెయి’ పద్ధతిలో ‘పొత్రెబ్బె మందార్మి’, ‘తు’ పద్ధతిలో ‘పొత్రెస్తి మందార్మి’. ఇక్కడ క్రియాంతం కళ్లకు కనిపిస్తుంది కాబట్టి పొరపాటు తక్కువ. ‘చెప్పండి’ దగ్గర చేయి అలవాటుగా ‘ఫమ్మి సపేరె’ అని రాసేస్తుంది. అది ‘తు’ రూపం. ‘లెయి’కి ‘మి ఫాచ్చ సపేరె’ కావాలి. ‘నీ, మీ’ అనే స్వామ్యార్థక పదాలూ, ముగింపు వాక్యాలూ ఇలాగే దొర్లుతాయి. ఒకే లేఖలో రెండు పద్ధతులు కలిస్తే పాఠకుడికి అది మర్యాదలోపంగా కన్నా అతుకుల బొంతగా కనిపిస్తుంది.

‘నిన్న మీకు ఫోన్ చేశాను’లో ఇంకో మెలిక ఉంది. మార్కో పురుషుడైనా, ‘లెయి’ కర్మస్థానంలో ఉన్నందున భూతకాల విశేషణం స్త్రీలింగంలో ‘క్యమాత’ అవుతుంది. ఆయనే కర్తయితే మాత్రం, ‘దయచూపారు’ వంటి వాక్యంలో విశేషణం పుంలింగంలో ఉంటుంది. ఈ తేడా తెలియక స్త్రీలింగాన్ని ‘దిద్దేవారు’ సరైనదాన్నే చెడగొడతారు.

4. తప్పించుకునే దారి, దాని హద్దు

తేల్చుకోలేనప్పుడు ‘ఒప్పందం శుక్రవారంలోగా అందితే మేలు’ వంటి కర్తలేని వాక్యాలతో సర్వనామాన్ని దాటవేయవచ్చు. సంస్థనే ఉద్దేశిస్తే ‘స్పెత్తాబిలె’ సంబోధన, ‘వొయి’ రూపాలు సరిపోతాయి. ఒక వ్యక్తికి రాసే లేఖలో మాత్రం ఈ దాటవేత రెండు మూడు వాక్యాలకే పనికొస్తుంది. ఆపైన లేఖ ప్రభుత్వ ప్రకటనలా బిగుసుకుపోతుంది. అందువల్ల అనువాదకులు ముందే ఖాతాదారును అడగాలి: ఇంతకుముందు ఇటాలియన్‌లో ఏమైనా రాసుకున్నారా, అందులో ఏ పద్ధతి వాడారు? దొరికిన జవాబునూ, తాము ఎంచుకున్న పద్ధతినీ అనువాదంతో పాటు రాసిపెట్టాలి. లేకపోతే అదే మార్కోకు తర్వాతి ఉత్తరాన్ని మరో అనువాదకుడు ‘తు’లో పంపే ప్రమాదం ఉంది.