అయిదు స్వరాల లెక్క

మా పాటల గురించి రాసేవాళ్లు తరచు ఒక మాట అంటూ ఉంటారు: "వీటిలో అయిదు స్వరాలే ఉంటాయి." ఆ 'స్వరాలే' అన్న మాటలోని దీర్ఘంలోనే తీర్పు ఉంది. ఏడు ఉండాల్సిన చోట రెండు తక్కువయ్యాయని, ఆ రెండూ ఇంకా మాకు అందలేదని దాని అర్థం. ఈ తీర్పు ఎక్కడినుంచి వచ్చింది, అది నిలుస్తుందా అని మేము ఇక్కడ చూడదలిచాం.

స్వరాలు లెక్కపెట్టి మనుషుల స్థాయి చెప్పడం ఈ దేశంలో పాత అలవాటే. మతంగుడి 'బృహద్దేశి' ఆరో శతాబ్దానికీ ఎనిమిదో శతాబ్దానికీ మధ్య పుట్టిన సంస్కృత గ్రంథం. నాలుగు స్వరాలు, అంతకంటే తక్కువ ఉన్న గానం మార్గ సంగీతం కాదని అందులో ఉంది. అటువంటి గానం ఎవరిదో కూడా వరుసగా చెప్పాడు. శబరులు, పుళిందులు, కాంభోజులు, వంగులు, కిరాతులు, వాహ్లికులు, ఆంధ్రులు, ద్రావిడులు, అడవుల్లో ఉండేవాళ్లు. అయిదు స్వరాలుంటే దానికి ఔడవమని పేరుంది, లోపలికి అనుమతి ఉంది. నాలుగుంటే గడప బయటే. ఆ జాబితాలో శబరుల పక్కనే ఆంధ్రులు కూడా ఉన్నారని ఈనాటి తెలుగు పాఠకులు గుర్తుంచుకుంటే మంచిది.

పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా పండితులు ఇదే లెక్కను నిచ్చెనగా మార్చారు. కింది మెట్టు మీద అయిదు స్వరాల జాతులు, పై మెట్టు మీద ఏడు స్వరాల వాళ్లు. ఆ నిచ్చెనకు ఒక చిక్కు వచ్చింది. అయిదు స్వరాల పాట ఒక్క అడవుల్లోనే లేదు. చైనాలో ఉంది, కొరియా 'అరిరంగ్'లో ఉంది, స్కాట్లాండు వాళ్ల 'ఆల్డ్ లాంగ్ సైన్' వరసలో ఉంది, అమెరికా చర్చీల్లో పాడే 'అమేజింగ్ గ్రేస్' వరసలోనూ ఉంది. ఒకరినొకరు ఎరగని వాళ్లు ఇంతమంది ఒకే చోట ఆగారంటే కారణం వెతకాలి. ఆ కారణానికి మనకు దొరికే అతి పాత లెక్క చైనాది.

'గువాన్‌జి' అనే చైనా గ్రంథం క్రీ.పూ. ఏడో శతాబ్దపు మంత్రి గువాన్ ఝోంగ్ పేరు మీద ఉంది కాని, కూర్చింది ఆయన తర్వాత కొన్ని వందల ఏళ్లకు. అందులో అయిదు స్వరాలు పుట్టించే పద్ధతి ఉంది. 81 అనే అంకెతో మొదలుపెడతారు. ఒక తీగ పొడవు అనుకోండి. దానికి మూడో వంతు కలిపితే 108. ఇందులోంచి మూడో వంతు తీసేస్తే 72. మళ్లీ మూడో వంతు కలిపితే 96. మళ్లీ తీసేస్తే 64. అంతే, అయిదు స్వరాలూ వచ్చాయి.

మూడో వంతే ఎందుకు? తీగను మీటినప్పుడు అది మొత్తంగా ఊగుతూనే సగాలుగా, మూడో వంతులుగా కూడా ఊగుతుంది. సగం పొడవు ఇచ్చే మోత అదే స్వరం, పై స్థాయిలో. ఆడా మగా కలిసి పాడితే గొంతులు ఇలాగే ఒకదానిపై ఒకటి కూర్చుంటాయి. మూడింట రెండు వంతుల పొడవు ఇచ్చేది పంచమం. సా తర్వాత చెవి సులువుగా పట్టుకునే తోడు స్వరం అదే. మూడో వంతు తీసేస్తే పంచమం పైకి వెళతాం. మూడో వంతు కలిపితే పంచమం కింది స్థాయిలో దొరుకుతుంది. అంటే ఆ లెక్క అంతా సా నుంచి పా, పా నుంచి దాని పా, అలా నడిచిన గొలుసు.

ఇంట్లో చేసి చూడొచ్చు. 81 సెంటీమీటర్ల తీగ బిగించి, వట్టి తీగను సా అనుకోండి. 72 దగ్గర నొక్కితే రి, 64 దగ్గర గ. 108లో సగం 54, అది పా. 96లో సగం 48, అది ద. 40.5 దగ్గర పై సా. వరసగా మీటితే కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు మోహన అంటారు. ఇవే అయిదు స్వరాలను ఉంచి, రి మీద నిలబడి దాన్ని సా అనుకుంటే మధ్యమావతి వస్తుంది. గ మీద నిలబడితే హిందోళం. పా మీద శుద్ధ సావేరి, ద మీద శుద్ధ ధన్యాసి. స్వరాలు మారలేదు, పాట ఆగి ఊపిరి తీసుకునే ఇల్లు మారింది. సంతోషపు పాటా, ఏడుపు పాటా ఒకే అయిదింటిలోంచి రావడం ఇందుకే సాధ్యం.

ఇప్పుడు అసలు ప్రశ్న. గొలుసు అయిదో స్వరం దగ్గర ఎందుకు ఆగాలి? ఇంకొక్క అడుగు వేసి చూద్దాం. 64కి మూడో వంతు కలిపితే 85.33. మొదటిసారి పూర్ణసంఖ్య తప్పింది, కాని కష్టం అది కాదు. 85.33 మన 81కి మరీ దగ్గర. ఇంతవరకు ఒక స్వరం నుంచి పక్క స్వరానికి వెళ్లాలంటే తీగను కనీసం తొమ్మిదో వంతు తగ్గించాల్సి వచ్చేది. 81 నుంచి 72కి, 72 నుంచి 64కి అంతే. ఇక్కడ ఇరవయ్యో వంతు చాలు. ఆరో స్వరంతో పాటు మొదటిసారి ఇరుకు సందు వచ్చింది. అయిదింటిలో ఏ రెండు స్వరాల మధ్యా ఆ సందు లేదు.

ఇరుకు సందులోని రెండు స్వరాలు ఒకేసారి మోగితే చెవిలో గరగరమంటుంది. రెండు మోతలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఒక్కరే పాడేటప్పుడు దీనితో పెద్ద ఇబ్బంది లేదు. పదిమంది చేతులు పట్టుకుని అడుగు వేస్తూ పాడేటప్పుడు ఒకరి స్వరం ముగియకముందే మరొకరి స్వరం ఎత్తుకుంటుంది. కొండ గట్టు వెనక్కి పంపిన మోత ఇంకా గాలిలోనే ఉంటుంది. అయిదు స్వరాల్లో అయితే ఏది దేనిమీద పడినా గరగర రాదు. ఆలస్యంగా కలిసినవాళ్లూ, గొంతు కొంచెం జారినవాళ్లూ పాటను చెడగొట్టరు, ఎందుకంటే జారిన గొంతు పక్క స్వరం దాకా వెళ్లదు. ఎక్కువమందికి ఈ వరస సహజంగా అనిపించడానికి మొదటి కారణం ఇదేనని మేము అనుకుంటున్నాం. తప్పు చేయడానికి అందులో చోటు తక్కువ.

అయితే, ఆరో స్వరం తెలియక ఆగారా, తెలిసీ ఆగారా? దీనికి సాక్ష్యం 1978లో చైనాలోని హూబే రాష్ట్రంలో భూమిలోంచి బయటపడింది. జెంగ్ రాజ్యపు ప్రభువు యి సమాధిలో 65 కంచు గంటలు దొరికాయి. వాటిలో ఒకదాని మీద క్రీ.పూ. 433 నాటి శాసనం ఉంది. ఒక్కో గంట కొట్టే చోటును బట్టి రెండు స్వరాలు పలుకుతుంది. మధ్య స్థాయిలో పన్నెండు స్వరాలూ ఉన్నాయి, ఏ స్వరం ఏదో గంటల మీదే చెక్కి ఉంది. మూడో వంతు కలిపి తీసేసే లెక్కను అయిదు దగ్గర ఆపకుండా పన్నెండు దాకా నడిపిన గ్రంథం కూడా క్రీ.పూ. మూడో శతాబ్దంలోనే ఉంది. పన్నెండూ చేతిలో ఉండి కూడా చైనా పాట అయిదింటినే వెన్నెముకగా ఉంచుకుంది. కాబట్టి అయిదు స్వరాలు వినగానే జ్ఞానం అక్కడ ఆగిందనుకోవడం కుదరదు.

ఇంతవరకు చెప్పింది విని, అయిదు స్వరాలు ప్రకృతి రాసిపెట్టినవని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. జావా దీవి అడ్డం వస్తుంది. అక్కడి గామెలాన్ వాద్య బృందాల్లో స్లెంద్రో అనే వరస ఉంది. అందులోనూ అయిదు స్వరాలే. 1882లో ఒక జావా బృందం లండన్ వచ్చినప్పుడు అలెగ్జాండర్ ఎల్లిస్ అనే పండితుడు హిప్‌కిన్స్ అనే మంచి చెవి ఉన్న మిత్రుడి సాయంతో ఆ వాద్యాల స్వరాలు కొలిచాడు. స్థాయి మొత్తాన్ని 1200 భాగాలు చేస్తే, మన తీగ మీద పక్కపక్క స్వరాల మధ్య సందులు ఇంచుమించు 204, 294 భాగాలు. స్లెంద్రోలో అయిదు సందులూ దాదాపు సమానం, ఒక్కోటి 240కి దగ్గర. దాని పంచమం తీగలో పుట్టే పంచమం కాదు. పైగా ఒక బృందం శ్రుతి మరో బృందానికి సరిగ్గా కలవదు. జావా చెవికి అదే ఇంపు. వివిధ దేశాల స్వరాల మీద 1885లో రాసిన వ్యాసంలో ఎల్లిస్, ప్రకృతి నియమం నుంచి తప్పనిసరిగా పుట్టిన ఒకే స్వరక్రమం లేదని తేల్చాడు. జపాన్‌లో, ఇథియోపియాలో ఇరుకు సందులున్న అయిదు స్వరాల వరసలు కూడా ఉన్నాయి. అవీ అక్కడివాళ్లకు సహజమే.

ఇక్కడ ఒక ఆదివాసీ జాతి సాక్ష్యం ముఖ్యం. బొలీవియా అమెజాన్ ప్రాంతపు త్సిమానే ప్రజలకు కొందరు పరిశోధకులు రకరకాల స్వరాల జంటలు వినిపించారు. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. పాశ్చాత్య చెవికి పొందికైనవీ, పొందిక లేనివీ వాళ్లకు ఒకే రకంగా నచ్చాయి. విడిగా వినిపించిన గరగర మోత మాత్రం అందరిలాగే వాళ్లకూ నచ్చలేదు. వాళ్ల సంగీతంలో గొంతులు కలిపి పాడే ఆచారం లేదు. దీన్నిబట్టి గరగర నచ్చకపోవడం శరీరంలోనే ఉందనీ, ఏ స్వరాలు కలిస్తే బాగుంటుందన్నది మాత్రం పెరిగిన ఊరు నేర్పేదనీ మాకు తోస్తోంది. అయిదు స్వరాలు సహజంగా వినిపించడంలో ఈ రెండూ ఉన్నాయి. ఒకటి చెవి ఇచ్చింది, రెండోది తల్లి జోలపాట ఇచ్చింది.

ఈ తేడా మా పనిలో వెంటనే ఎదురవుతుంది. పాటలు సేకరించేవాళ్లు హార్మోనియం పట్టుకు వస్తారు. దానికి స్థాయికి పన్నెండు మెట్లే. గాయని స్వరం రెండు మెట్ల మధ్య పడితే, దగ్గరి మెట్టు నొక్కి, "ఇది మోహనే" అని రాసుకుని వెళతారు. స్లెంద్రో పాటను అలా రాస్తే అదీ మోహనలాగో, మధ్యమావతిలాగో కాగితం మీదికి వస్తుంది. స్లెంద్రో మాత్రం మాయమవుతుంది. మా పాటలకు అలా జరిగిందో లేదో ఆ కాగితాలు చూసి చెప్పలేం, గొంతు రికార్డుతో పోల్చాల్సిందే.

అందుకని పాట రాసుకునే మా పిల్లలకు మేము చెప్పేది ఇది. ముందు గొంతును రికార్డు చేయండి, వాద్యం తర్వాత. ఒక్క చరణం విని స్వరాలు లెక్కపెట్టకండి, పాట మొత్తం వినండి. పాట ఏ స్వరం మీద ఆగుతుందో గుర్తుపెట్టండి, ఇల్లు అదే. అదే పాటను ముగ్గురి చేత వేర్వేరు రోజుల్లో పాడించండి. ఒక స్వరం ముగ్గురి గొంతులోనూ హార్మోనియం మెట్టుకు ఒకే పక్కన పడుతుంటే అది తప్పు కాదు, ఆ పాట స్వరం అదే. మూడే స్వరాలు దొరికితే మూడని రాయండి, నాలుగైతే నాలుగని రాయండి. మతంగుడి గడప దాటించడానికి అయిదు చేయకండి. రాగం పేరు అన్నీ అయ్యాక, అవసరమైతే, చివర రాయొచ్చు.