వన్ వే, నో పార్కింగ్, వింత సిగ్నళ్లు: కుడివైపు తిరగాల్సిన చోట అర కిలోమీటరు ముందుకు ఎందుకు పంపిస్తారు?

మీరు వెళ్లాల్సిన షాపు డివైడర్‌కు అవతలే, చేతికి అందేంత దూరంలో కనిపిస్తుంటుంది. ఫోన్‌లో మ్యాప్ మాత్రం ముందుకెళ్లి, యూ టర్న్ తీసుకుని, వెనక్కి రమ్మంటుంది. ఇంకో వీధిలో నిన్నటిదాకా రెండువైపులా తిరిగిన బండ్లు ఈరోజు ఒకవైపే వెళ్తుంటాయి. ఖాళీగా ఉన్న చోట కారు ఆపితే నో పార్కింగ్ చలానా వస్తుంది.

ఇవన్నీ వేర్వేరు నిబంధనల్లా కనిపించినా, ఎక్కువ చోట్ల కారణం ఒక్కటే. ఒక రోడ్డు గంటకు ఎన్ని వాహనాలను పంపగలదో నిర్ణయించేది ఆ రోడ్డు వెడల్పు ఒక్కటే కాదు, దాని చివర ఉన్న జంక్షన్. అక్కడ దొరికే కొద్ది సెకన్ల పచ్చ లైటును కాపాడటానికే ఈ ఏర్పాట్లు. ఆ లెక్క ఏమిటో, మీరు ఎలా నడుచుకుంటే చలానా, ప్రమాదం రెండూ తప్పుతాయో చూద్దాం.

జంక్షన్‌లో అసలు సమస్య ఏమిటి?

రెండువైపులా ట్రాఫిక్ నడిచే రెండు రోడ్లు కలిసే నాలుగు రోడ్ల కూడలిలో వాహనాల దారులు ఒకదానితో ఒకటి తగిలే స్థానాలు 32 ఉంటాయని ట్రాఫిక్ ఇంజినీర్లు లెక్కిస్తారు. వీటిలో 16 చోట్ల ఒక దారి మరో దారిని అడ్డంగా కోస్తుంది. మిగతా చోట్ల దారులు కలుస్తాయి లేదా విడిపోతాయి. తీవ్రమైన ప్రమాదాలకు ఎక్కువ అవకాశం ఉన్నది అడ్డంగా కోసే చోట్లే. వాటిలో ఎక్కువ భాగానికి కారణం కుడివైపు మలుపులు.

ఈ దారులు ఒకేసారి తగలకుండా ఉండాలంటే సిగ్నల్ ఒక్కో వైపుకు విడిగా పచ్చ లైటు ఇవ్వాలి. ఒక వైపు ఆపి మరో వైపు వదిలిన ప్రతిసారీ కొన్ని సెకన్లు ఎవరికీ పనికిరాకుండా పోతాయి. పసుపు లైటు, అన్ని వైపులా ఎర్ర లైటు ఉండే క్షణం, ముందున్న బండ్లు కదలడానికి పట్టే సమయం, ఇవన్నీ కలిపి సుమారు 4 సెకన్లు అనుకోండి.

ఉదాహరణకు సిగ్నల్ పూర్తి చుట్టు 120 సెకన్లు. నాలుగు వైపులకూ విడివిడిగా వదిలితే 16 సెకన్లు వృథా. మిగిలిన 104 సెకన్లను నాలుగు వైపులకూ సమానంగా పంచితే ఒక్కో వైపుకు 26 సెకన్లు. ఒక లేన్‌లో సుమారు 2 సెకన్లకో కారు స్టాప్ లైన్ దాటుతుంది కాబట్టి, రెండు లేన్లున్న రోడ్డు నుంచి ఒక చుట్టులో 26 కార్లు బయటపడతాయి.

కుడి మలుపు తీసేస్తే ఏం మారుతుంది?

అదే జంక్షన్‌లో కుడివైపు తిరగడాన్ని నిషేధిస్తే ఎదురెదురు రోడ్లను ఒకేసారి వదలొచ్చు. అప్పుడు చుట్టులో మార్పులు నాలుగు కాదు, రెండే. వృథా 8 సెకన్లకు తగ్గి, ఒక్కో జతకు 56 సెకన్ల పచ్చ లైటు దొరుకుతుంది. రెండు లేన్ల నుంచి 26 బదులు 56 కార్లు వెళ్తాయి. వెడల్పు ఒక్క అడుగు పెరగకుండానే సామర్థ్యం రెట్టింపు దాటింది.

ఈ లాభానికి మూల్యం చెల్లించేది కుడివైపు వెళ్లాల్సినవాళ్లు. వాళ్లు నేరుగా 300 మీటర్లు వెళ్లి, యూ టర్న్ తీసుకుని, మళ్లీ 300 మీటర్లు వెనక్కి వచ్చి ఎడమకు తిరగాలి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఆ 600 మీటర్లకు 72 సెకన్లు పడుతుంది. అయితే జంక్షన్‌లో ఎర్ర లైటు సమయం కూడా 94 సెకన్ల నుంచి 64కు తగ్గింది కాబట్టి, నష్టంలో కొంత అక్కడే తిరిగొస్తుంది. హైదరాబాద్‌లో గత కొన్నేళ్లలో చాలా జంక్షన్లను మూసి యూ టర్నులు పెట్టడం వెనక ఉన్న ఆలోచన ఇదే.

ఇది అన్నిచోట్లా పనిచేయదు. యూ టర్న్ కోసం ఆగిన బండ్ల వరుస జంక్షన్ దాకా వెనక్కి పెరిగితే, నేరుగా వెళ్లేవాళ్ల లేన్ మూసుకుపోయి లాభమంతా పోతుంది. సిగ్నలే లేకుండా జంక్షన్‌ను పూర్తిగా మూసిన చోట పాదచారులకు రోడ్డు దాటే ఎర్ర లైటు విరామం కూడా ఉండదు. మీ ప్రాంతంలో ఈ రెండింటిలో ఏది కనిపించినా అది నిజమైన లోపమే. సమయం, ఫొటోలతో ట్రాఫిక్ పోలీసులకు, మున్సిపల్ కార్పొరేషన్‌కు రాయడానికి అది తగిన కారణం.

వన్ వే ఎందుకు?

రెండు వన్ వే రోడ్లు కలిసే కూడలిలో తగిలే స్థానాలు 32 నుంచి 5కు తగ్గుతాయి. అడ్డంగా కోసేది ఒక్కటే ఉంటుంది. పాత బజార్లలో, రోడ్డును వెడల్పు చేయడానికి జాగా లేని చోట, ఇది చవకైన పరిష్కారం.

వన్ వేలో వరుస సిగ్నళ్లను కలిపి నడపడం కూడా తేలిక. రెండు సిగ్నళ్ల మధ్య 400 మీటర్లుంటే, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో 48 సెకన్లలో చేరతారు. మొదటిది పచ్చగా మారిన 48 సెకన్లకు రెండోది మారితే బండి ఆగదు. అలాంటి దారిలో 50 వేగంతో దూసుకెళ్లినా తర్వాతి సిగ్నల్ దగ్గర ఎర్ర లైటే ఎదురవుతుంది.

వన్ వేలు సాధారణంగా జంటగా ఉంటాయి. ఒక వీధి వెళ్లడానికైతే, దగ్గర్లోని సమాంతర వీధి రావడానికి. కాబట్టి మలుపు దాటిపోతే ఆగకండి, వెనక్కి తీయకండి. తర్వాతి సందులో తిరిగి సమాంతర వీధి పట్టుకుంటే ఎక్కువసార్లు గమ్యం చేరతారు. బస్సు ఎక్కేవాళ్లు కూడా ఇది గుర్తుంచుకోవాలి. వెళ్లేటప్పుడు దిగిన స్టాప్ ఎదురుగా కాకుండా, తిరుగు బస్సు పక్క వీధిలో ఆగుతుంది.

ఒక్క కారు ఆపితే అంత నష్టమా?

పైన చెప్పిన 56 సెకన్ల పచ్చ లైటునే తీసుకుందాం. స్టాప్ లైన్‌కు 30 మీటర్ల ముందు ఎడమ లేన్‌లో ఒక కారు పార్క్ చేసి ఉంది. దాని ముందున్న జాగాలో, కారుకు 6 మీటర్ల చొప్పున 5 కార్లు నిలబడతాయి. పచ్చ లైటు పడగానే ఆ 5 కార్లు 10 సెకన్లలో వెళ్లిపోతాయి. ఆ తర్వాత వచ్చేవన్నీ ఒకే లేన్‌లోంచి దూరి రావాలి. 56 కార్లు వెళ్లాల్సిన చోట 33 మాత్రమే వెళ్తాయి. ఆ కారు యజమాని మందుల షాపులో ఉన్న పది నిమిషాల్లో సిగ్నల్ అయిదు చుట్లు తిరుగుతుంది, వందకు పైగా కార్లు వెనకబడతాయి.

అందుకే 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నియంత్రణలు, ప్రత్యేకంగా అనుమతి ఉంటే తప్ప, జంక్షన్ అంచు నుంచి 50 మీటర్ల లోపు పార్క్ చేయొద్దంటాయి. అంటే అక్కడ బోర్డు లేకపోయినా పార్కింగ్ తప్పే. ఫుట్‌పాత్, బస్‌స్టాప్ దగ్గర, ఆసుపత్రి లేదా స్కూలు గేటు ముందు, రోడ్డు అంచున తెగకుండా పసుపు గీత ఉన్న చోట కూడా అంతే.

బోర్డుల్లో తేడా చూడండి. నీలి వృత్తంపై ఒకే ఎర్ర అడ్డగీత ఉంటే నో పార్కింగ్. మనిషిని దింపి వెంటనే కదలొచ్చు. రెండు గీతలు కత్తెరలా ఉంటే అసలు ఆగకూడదు. బోర్డు కింద చిన్న పలకపై సమయం, బాణం గుర్తు ఉంటే ఆ సమయంలో, ఆ దిశలోనే నిషేధం. నో పార్కింగ్‌లో ఉన్న వాహనాన్ని తీసుకెళ్లడానికి లేదా చక్రానికి తాళం వేయడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 127 కింద యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి ఆదేశించొచ్చు. జరిమానాతో పాటు టోయింగ్ ఖర్చూ యజమానిదే.

వింతగా అనిపించే సిగ్నళ్లకు అర్థం

పసుపు లైటు మిణుకుమిణుకుమంటుంటే వేగం తగ్గించి, చూసుకుని వెళ్లాలి. ఎర్ర లైటు మిణుకుమంటుంటే పూర్తిగా ఆగి, దారి ఖాళీగా ఉంటేనే కదలాలి. ఎర్ర లైటుతో పాటు పచ్చ బాణం వెలిగితే ఆ దిశకు మాత్రమే అనుమతి.

ఎడమకు ఎప్పుడైనా వెళ్లొచ్చనుకోవడం పొరపాటు. ఫ్రీ లెఫ్ట్ బోర్డు లేదా బాణం ఉంటేనే ఎర్ర లైటులో ఎడమకు తిరగాలి. ఫ్రీ లెఫ్ట్ ఉన్న చోట నేరుగా వెళ్లేవాళ్లు ఆ లేన్‌లో ఆగడమూ తప్పే. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ‘ఆపరేషన్ రోప్’లో స్టాప్ లైన్ దాటితే రూ.100, ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డుగా నిలిస్తే రూ.1,000 ప్రకటించారు. రెండో తప్పుకు పది రెట్లు ఎందుకో పై లెక్క చూస్తే అర్థమవుతుంది.

కొన్ని సిగ్నళ్లలో కౌంట్‌డౌన్ అంకెలు ఉండవు. వాహనాల రద్దీని సెన్సర్లు, కెమెరాలతో చూసి అప్పటికప్పుడు సమయం మార్చే సిగ్నళ్లలో ఎన్ని సెకన్లో ముందే చెప్పడం కష్టం. అంకె లేదంటే సిగ్నల్ పాడైందని కాదు.

రాంగ్ రూట్‌లో 50 మీటర్లు వెళ్తే?

యూ టర్న్ దూరమని ఎదురు వెళ్లడం చిన్న తప్పు కాదు. 2019 సవరణ తర్వాత ట్రాఫిక్‌కు ఎదురుగా నడపడం, ఎర్ర లైటు దాటడం రెండూ సెక్షన్ 184లోని ప్రమాదకర డ్రైవింగ్ నిర్వచనంలోకి వచ్చాయి. అలా నడపడం ప్రజలకు ప్రమాదకరంగా ఉందని తేలితే, మొదటిసారికే రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా లేదా 6 నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ పడొచ్చు. అక్కడికక్కడే కట్టే మొత్తాన్ని ఆయా రాష్ట్రాలు విడిగా నిర్ణయిస్తాయి.

మ్యాప్ చెప్పిందన్నది సమాధానం కాదు. పండుగలు, ఊరేగింపులు, పనుల కోసం పెట్టే మళ్లింపులు యాప్‌లో ఆలస్యంగా కనిపించొచ్చు. సెక్షన్ 115 ప్రకారం నెలకు మించని ఆంక్షలకు గెజిట్ నోటిఫికేషన్ అక్కర్లేదు, స్థానికంగా ప్రచారం చేస్తే చాలు. కాబట్టి నిమజ్జనం వంటి రోజుల్లో బయల్దేరే ముందు ట్రాఫిక్ పోలీసుల సోషల్ మీడియా పేజీ చూడండి. యాప్‌కూ బోర్డుకూ తేడా వస్తే బోర్డే చెల్లుతుంది. కానిస్టేబుల్ చేతి సైగ సిగ్నల్‌కు భిన్నంగా ఉంటే సైగనే పాటించాలి.

చలానా తప్పనిపిస్తే

ముందు ఈ-చలాన్ పోర్టల్‌లో ఫొటో తెరిచి బండి నంబరు, చోటు, సమయం సరిపోలాయో చూడండి. బోర్డు చెట్టు కొమ్మల వెనక ఉన్నా, పడిపోయినా వీలైతే అదే రోజు, మీరు వచ్చిన దిశ నుంచి ఫొటో తీసి పెట్టుకోండి. బోర్డు దగ్గరి ఫొటో కన్నా డ్రైవర్‌కు కనిపించే దూరం నుంచి తీసినదే ఉపయోగపడుతుంది. ఆ ఆధారాలతో ట్రాఫిక్ పోలీసులకు ఫిర్యాదు చేయండి. వాళ్లు ఒప్పుకోకపోతే కోర్టులో వాదించే హక్కు ఉంటుంది. డబ్బు కట్టేస్తే కేసు ముగిసినట్టే కాబట్టి, అభ్యంతరం ఉంటే కట్టకముందే చెప్పాలి.